‘కలర్ గ్యారంటీ’ అని రాసిచ్చాక ఏమని జవాబివ్వాలి?

ప్రశ్న: తిరుపతిలో ఇంట్లో నుంచే వాట్సాప్‌లో శ్రీకాళహస్తి కలంకారీ చీరలు అమ్ముతాను. మూడు వారాల కింద హైదరాబాదు ఆవిడ ఒకామె 5,600 పెట్టి కాటన్ చీర తీసుకుంది. నిన్న రాత్రి 11:40కి ఈ మెసేజ్ పెట్టింది, స్క్రీన్‌షాట్ జత చేస్తున్నా: ‘మోసం చేశారు. ఒక్క ఉతుక్కే రంగంతా కారిపోయింది. మా పాప తెల్ల కుర్తా కూడా నాశనం, అది 1,800. రేపు పొద్దున పదికల్లా 7,400 వెయ్యకపోతే మీ పేరుతో ఇన్‌స్టాలో పెడతా, కన్స్యూమర్ కోర్టుకు పోతా. మీలాంటోళ్లకి సిగ్గుండాలి.’ విడిగా ఉతకమని వాయిస్ మెసేజ్‌లో చెప్పాను నేను. రాత్రి అది చదివినప్పటి నుంచి చేతులు ఆడడం లేదు. మర్యాద తప్పకుండా, గట్టిగా ఏమని రాయాలి?
— ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: ఆవిడ మెసేజ్ సంగతి తర్వాత. స్క్రీన్‌షాట్ పైఅంచున సగం తెగి మీ పాత మెసేజ్ ఒకటి కనబడుతోంది, దాన్ని చూడండి. ‘...కలర్ గ్యారంటీ అక్కా, కళ్లు మూసుకుని తీసుకోండి’ అని ఉంది. మీరు ఎక్కడిదాకా గట్టిగా నిలబడొచ్చో తేల్చేది ఆ ముక్కే. మీ వాయిస్ మెసేజ్ మీ తరఫున ఎంత మాట్లాడుతుందో, ఈ ముక్క ఆవిడ తరఫున అంత మాట్లాడుతుంది. పైగా అది రాతలో ఉంది.

(ఇంకొక మాట. ఆవిడ ఫోన్ నంబరు స్క్రీన్‌షాట్‌లో అలాగే ఉంది. మేం చెరిపేశాం. ఇకమీదట ఎవరికి పంపినా చెరిపే పంపండి.)

ముందు డబ్బు సంగతి తేల్చుకోండి. ఎంత ఇస్తారో, ఏది ఇవ్వరో తేలకుండా రాయడానికి కూర్చుంటే మొదటి వాక్యంలో బతిమాలుతారు, మూడో వాక్యంలో పోట్లాటకు దిగుతారు. ఆవిడ మెసేజ్‌లో చీర ఉంది, కుర్తా ఉంది, తిట్టు ఉంది, బెదిరింపు ఉంది. మీరు జవాబు చెప్పాల్సింది మొదటి రెండింటికే.

చీర దగ్గరికి వద్దాం. చేత్తో వేసిన కలంకారీలో గుడ్డను ముందు కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో ముంచి ఆరబెడతారు. నల్ల గీత బెల్లం, ఇనుము కలిపి పులియబెట్టిన ద్రవంతో వేస్తారు. ఎరుపు రావలసిన చోట పటిక నీళ్లు పూసి, తర్వాత రంగునిచ్చే వేళ్లతో గుడ్డను ఉడకబెడతారు. అలా ఉడికిన ఎరుపు పోగులోకి దిగి కూర్చుంటుంది. అందుకని మొదటి ఉతుకులో నీళ్లు కాస్త పసుపుగా, లేత గోధుమరంగుగా వస్తే మామూలే, అది మిగులు కరక్కాయ. కానీ పక్కనున్న తెల్లబట్టకు ఎరుపో గులాబీ రంగో అంటుకుందంటే అనుమానించాలి. ఆ ఎరుపు సరిగా ఉడకలేదు, లేదా ఉడికాక మిగులు రంగు పోయేలా ఉతకలేదు, లేదంటే అది వేళ్ల రంగే కాదు.

ఇది ఇంట్లోనే తెలుసుకోవచ్చు. అదే లాటులో ఇంకో చీర మీ దగ్గరుంటే, తెల్ల నూలుగుడ్డ ముక్కను తడిపి పిండి, చీరలో ముదురు ఎరుపు ఉన్నచోట వేలితో అదిమి పదిసార్లు రుద్దండి. గుడ్డకు లేత పసుపు అంటితే భయం లేదు. గులాబీ అంటితే ఆ లాటు అమ్మడం ఆపి, మీకు సరుకిచ్చిన వాళ్లను నిలదీయండి. అప్పుడు ‘నేచురల్ కలర్ అక్కా, కొంచెం పోతుంది’ అన్న మాట జవాబులో పొరపాటున కూడా రానివ్వకండి. అమ్మేటప్పుడు గ్యారంటీ, ఉతికాక నేచురల్ అంటే ఎవరికైనా ఒళ్లు మండుతుంది.

ఇప్పుడు వాయిస్ మెసేజ్. మీరు పంపానంటున్నారు, ఆవిడ విన్నదా? మీ చాట్‌లో ఆ వాయిస్ మెసేజ్ మీద మైకు బొమ్మ నీలంగా ఉంటే విన్నట్టు. దాన్ని నొక్కి పట్టుకుని Info చూస్తే ఎప్పుడు విన్నదో కూడా ఉంటుంది. బ్లూ టిక్‌లు ఆపేసుకున్నవాళ్లకు సైతం వాయిస్ విన్న గుర్తు మాత్రం దాగదు. ఈ వివరం మీ మనసులో ఉంచుకోండి, ఆవిడకు రాయకండి. ‘12వ తేదీ సాయంత్రం 4:10కి విన్నారు, నా దగ్గర ఉంది’ అంటే పోలీసు విచారణలా ఉంటుంది. మైకు నీలం కాకపోతే ఆవిడ విననట్టే, అప్పుడు కుర్తా విషయంలో మీ పట్టు సడలుతుంది, సగం ఇవ్వడానికి సిద్ధపడండి. విన్నదనే అనుకుని ముందుకు పోదాం.

మా లెక్క ఇది. గ్యారంటీ అని రాసింది మీరు, కాబట్టి చీర డబ్బు 5,600 పూర్తిగా మీరే ఇవ్వాలి. చీర వెనక్కి రావాలి, వచ్చే ఖర్చు కూడా మీదే. విడిగా ఉతకమని చెప్పారు, ఆవిడ విన్నది, కాబట్టి కుర్తా 1,800 మీది కాదు. చీరలో సగం, కుర్తాలో సగం అని బేరంలోకి దిగకండి. అలా దిగితే రెండింటికీ కారణం చెప్పలేరు, మాట పొడుగవుతుంది.

ఇక రాత. రెండు మెసేజ్‌లు కావాలి, ఒకటి కాదు. మొదటిది పొద్దున తొమ్మిదికి పంపండి. ఆవిడ పెట్టిన పది గంటల గడువుకు లొంగినట్టూ ఉండదు, ఖాతరు చెయ్యనట్టూ ఉండదు. ఫోన్‌లో నోట్స్‌లో రాసుకుని, ఒకసారి పైకి చదువుకుని, అప్పుడు అతికించండి. చాట్ పెట్టెలోనే టైపు చేస్తే అవతల ‘typing’ అని కనబడుతూ ఆగుతూ ఉంటుంది, మీ తడబాటు ఆవిడకు అర్థమైపోతుంది. పంపాక పదిహేను నిమిషాల్లోపు దిద్దుకోవచ్చు గానీ దిద్దినట్టు గుర్తు మిగులుతుంది. తుడిచేసినా తుడిచిన గుర్తు మిగులుతుంది. ఈ గొడవలో అవి రెండూ మీకు చేటే.

<< నమస్తే అక్కా. రాత్రి మీ మెసేజ్ చదివాను. ఒక్క ఉతుక్కే రంగు పోయి పాప కుర్తాకు అంటుకుంటే ఎవరికైనా కోపం వస్తుంది. చీర మొత్తం పరిచి ఒక ఫోటో, రంగు పోయినచోట దగ్గరగా ఒకటి, కుర్తాది ఒకటి, మూడూ పగటి వెలుగులో తీసి పంపండి. చేత్తో ఉతికారో మెషీన్‌లో వేశారో, ఏ సబ్బు వాడారో కూడా చెప్పండి. ఫోటోలు మధ్యాహ్నం లోపు వస్తే ఈ రోజు సాయంత్రం ఆరింటికల్లా నేనేం చేస్తానో రాస్తాను. >>

ఇందులో ‘రాత్రి చదివాను’ అని ఊరికే రాయలేదు. మీరు రాత్రే తెరిచారు, ఆవిడకు నీలం టిక్‌లు పడే ఉంటాయి. ‘ఇప్పుడే చూశాను అక్కా’ అని మొదలుపెడితే మొదటి వాక్యమే అబద్ధమని తెలిసిపోతుంది.

‘అక్కా’ అన్న పిలుపు మార్చకండి. చీర అమ్మేటప్పుడు అక్క, గొడవ రాగానే మేడమ్ అయితే మీరు దూరం జరిగారని ఆవిడకు ఇట్టే తెలుస్తుంది. అదే మొదటి నుంచీ మేడమ్ అని ఉంటే ఇప్పుడు అక్కా అని వరస కలపడం కూడా అంతే తప్పు, కాళ్లబేరంలా ఉంటుంది.

‘రంగు పోయిందంటున్నారు’ అని రాయకండి. ‘అంటున్నారు’ అన్న చిన్న మాటలో ‘నేను నమ్మను’ అన్నది దాక్కుని ఉంది. అలాగని ‘రంగు పోయింది, నిజమే’ అని చూడకుండా ఒప్పుకోనూ వద్దు. ‘అంటుకుంటే’ అన్నది రెండింటికీ నడుమ నిలుస్తుంది, అవతలి మనిషి కోపాన్ని ఒప్పుకుంటుంది, విషయం మీద తీర్పు చెప్పదు. ‘చూడండి అక్కా’ అని మాత్రం ఏ వాక్యమూ మొదలుపెట్టకండి. మన వైపు ఆ మాటతో మొదలైన సంభాషణ వీధిలోకి వెళ్లకుండా ఆగింది తక్కువ.

మధ్యాహ్నానికి ఫోటోలు వచ్చాయనుకుందాం. కొంగు అంచున ఎరుపు వెలిసిపోయింది, కుర్తా మీద గులాబీ మరకలు ఉన్నాయి, మామూలు పౌడరుతో మెషీన్‌లో రెండూ కలిపి వేశానని ఆవిడే రాసింది. చెప్పిన గంటకు, అంటే ఆరు లోపు, రెండో మెసేజ్.

<< అక్కా, ఫోటోలు చూశాను. కొంగు అంచున ఎరుపు పోయింది, కుర్తాకు అంటింది. రెండూ కనబడుతున్నాయి.

చీర అమ్మేటప్పుడు కలర్ గ్యారంటీ అని రాశాను. అలా రాయడం నా తప్పు. చీర వెనక్కి పంపండి, 5,600 పూర్తిగా ఇచ్చేస్తాను. స్పీడ్ పోస్టు ఖర్చు కూడా నాదే, రసీదు ఫోటో పెట్టండి. చీర బాగా ఆరాక మడిచి కట్టండి. నాకు అందిన రెండు రోజుల్లో, మీరు ఏ నంబరు నుంచి డబ్బు వేశారో ఆ నంబరుకే వేస్తాను.

కుర్తా డబ్బు ఇవ్వలేను. మొదటి మూడు ఉతుకులు చీరను విడిగా ఉతకమని 12వ తేదీ వాయిస్‌లో చెప్పాను.

సరేనంటే అడ్రస్ పంపుతాను. >>

‘తప్పు నాది’ అని ఊరికే రాస్తే చీర, కుర్తా, పాప ఏడుపు అన్నీ మీ ఖాతాలో పడతాయి. అందుకే ఏది తప్పో చెప్పాం: అలా రాయడం. ఒక్కసారి చెప్పి వదిలేయండి. ‘సారీ అక్కా, వెరీ సారీ, ఏమనుకోవద్దు’ అని నాలుగుసార్లు రాసి, కింద ‘కుర్తాకు ఇవ్వలేను’ అంటే పైనున్న సారీలన్నీ ఉత్తివైపోతాయి. చేతులు జోడించిన బొమ్మలు కూడా వద్దు. ‘పొరపాటు జరిగింది’ అని కూడా రాయకండి. జరిగింది అంటే దానంతటదే జరిగిపోయినట్టు, చేసినవాళ్లెవరూ లేనట్టు.

కుర్తా వాక్యం మీద కాస్త నిలబడదాం, ఎందుకంటే మీరడిగిన గట్టిదనమంతా అక్కడే ఉంది. ‘ఇవ్వలేకపోతున్నాను’ అంటే ఇవాళ కుదరలేదు, రేపు అడగండి అని వినబడుతుంది. ‘చూద్దాం’, ‘ప్రయత్నిస్తాను’, ‘కొంచెం కష్టం అక్కా’ అన్నవి తలుపు ఓరగా తెరిచి పెడతాయి, ఆవిడ రేపూ ఎల్లుండీ తోస్తూనే ఉంటుంది. ‘ఇవ్వను’ అంటే పొగరు. ‘ఇవ్వలేను’ అన్నది సరిగ్గా సరిపోతుంది. దాని ముందు ‘కానీ’ పెట్టకండి. ‘5,600 ఇస్తాను కానీ కుర్తాకు ఇవ్వలేను’ అంటే ఇచ్చిన ఐదువేలు చెవికెక్కదు, ఆగిన పద్దెనిమిది వందలే వినబడుతుంది. అందుకే వాక్యం తెంపి, పేరా మార్చాం.

కారణం చెప్పే వాక్యం చివర ‘కదా’ వచ్చిందేమో పంపే ముందు మళ్లీ చూడండి. ‘విడిగా ఉతకమని చెప్పాను’ అంటే సమాచారం. ‘విడిగా ఉతకమని చెప్పాను కదా’ అంటే వేలు చూపించడం. ‘ముందే చెప్పా’ అన్నదీ అంతే. మెషీన్‌లో వేసినందుకు ఒక్క మాట కూడా అనలేదు, గమనించండి. ఆవిడకు తెలుసు, తనే రాసింది.

‘మేము’ అని రాయకండి. ఇంట్లో ఒక్కరే అమ్ముతూ ‘మా పాలసీ ప్రకారం మేము’ అంటే నవ్వొస్తుంది, కోపంలో ఉన్నవాళ్లకు ఇంకా మండుతుంది. నేను అనే రాయండి. ‘చిన్న వ్యాపారం అక్కా, ఇద్దరు పిల్లలు’ అన్న మొర వద్దు, డబ్బు ఇస్తూ మొర పెట్టుకోవడం దేనికి? ఇక తిరుపతిలో ఉన్నాం కాబట్టి నోటి చివరే ఉండే మాట, ‘ఏడుకొండలవాడి మీద ఒట్టు, నేను మోసం చెయ్యలేదు’. దాన్ని కూడా మింగేయండి. ఒట్టు వేసినవాళ్లకు రుజువు లేదని అవతలివాళ్లు అనుకుంటారు, మీ దగ్గర రుజువు ఉంది.

సిగ్గు, మోసం అన్న మాటలకు జవాబు లేదు, ఇన్‌స్టాకు లేదు, కోర్టుకు లేదు. మరిచిపోయి కాదు. తిట్టును పట్టుకుంటే రేపటి నుంచి గొడవ చీర మీద కాకుండా ఎవరు ఎవర్నేమన్నారు అన్నదాని మీద నడుస్తుంది. కోర్టు మాట ఉత్త బెదిరింపనుకుని ‘వెళ్లండి, చూసుకుందాం’ అనకండి. 2019 నాటి వినియోగదారుల చట్టం ప్రకారం కొన్నవాళ్లు తాము ఉండే ఊళ్లోనే జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు వేసుకోవచ్చు, తిరుపతి రానక్కర్లేదు, ఇంత చిన్న మొత్తానికి ఫీజు కూడా లేదు. వాయిదాలకు మీరే హైదరాబాదు బస్సెక్కాల్సి రావొచ్చు. అంతకంటే ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఆవిడ ఒక ఫోన్ చేసినా మీకు కబురు వస్తుంది. అప్పుడు మీరు చూపించాల్సింది ఈ రెండు మెసేజ్‌లే. మూడో మనిషి చదువుతున్నట్టే రాయండి.

ఆవిడ మళ్లీ రాస్తుంది, అనుమానం లేదు. ‘కుర్తా డబ్బు ఇవ్వకపోతే ఊరుకోను’ అంటుంది. కొత్త కారణాలు వెతకకండి, వాయిస్ మెసేజ్ మళ్లీ పంపకండి. ఇంతే:

<< అక్కా, కుర్తా విషయంలో నా జవాబు అదే. చీర డబ్బు చెప్పినట్టే ఇస్తాను. అడ్రస్ కింద ఉంది. >>

ఇది కూడా ఒక్కసారే. దానిపైన ఎన్ని తిట్లొచ్చినా జవాబివ్వకండి, నంబరు బ్లాక్ చెయ్యకండి. చీర రావాలి, రసీదు రావాలి, బ్లాక్ చేస్తే ‘డబ్బు ఎగ్గొట్టి బ్లాక్ చేసింది’ అన్న కొత్త ఫిర్యాదు మీరే చేతికిచ్చినట్టు. ‘ముందు డబ్బు వెయ్యండి, తర్వాత చీర పంపుతా’ అంటే ‘చీర అందాక వేస్తాను అక్కా’ అన్న ఒక్క వాక్యం చాలు. ఫోన్ చేస్తే ఎత్తండి, వినండి, పెట్టేశాక ‘ఇప్పుడు ఫోన్‌లో అనుకున్నట్టు...’ అని రెండు వరసలు రాసి పంపండి. ఫోన్‌లో మెత్తబడి కుర్తాకు ఒప్పుకునే ప్రమాదం ఎక్కువ. మీకు ఆ భయం ఉంటే ‘మెసేజ్‌లో రాస్తాను అక్కా’ అని పెట్టేయండి. మీ జవాబులు మాత్రం వాయిస్‌లో పంపకండి, గొంతులోని వణుకు కూడా దాంతో పాటే ఆవిడకు చేరుతుంది.

ఇన్‌స్టాలో పెట్టేసిందనుకోండి. ఆవిడ స్క్రీన్‌షాట్‌కు పోటీగా మీరు స్క్రీన్‌షాట్ పెట్టకండి, మెషీన్‌లో వేసిందని జనానికి చెప్పకండి. దాని కింద రెండు వాక్యాలు: ‘చీర వెనక్కి తీసుకుని డబ్బు పూర్తిగా ఇస్తానని ఫలానా తేదీన రాశాను. ఆ మాట ఇప్పటికీ నిలిచే ఉంది.’ చదివేవాళ్లలో రేపు మీ దగ్గర కొనేవాళ్లు ఉంటారు, వాళ్లకు కావలసింది ఆ తేదీ, ఆ మాట.

పార్శిల్ వచ్చాక కట్టు విప్పుతున్నప్పటి నుంచి వీడియో తీసుకోండి. వచ్చింది మీరు పంపిన చీరేనా అన్నది కొంగు బొమ్మను మీ పాత ఫోటో పక్కన పెట్టి చూడండి. చేత్తో గీసినవి ఏ రెండూ ఒక్కలా ఉండవు కాబట్టి ఇది నిమిషం పని. రెండు రోజుల గడువు ఉన్నా ఆ రోజే డబ్బు వేసేయండి. ‘చీర 5,600, పోస్టు ఖర్చు ఇంత, మొత్తం ఇంత’ అని వివరంగా రాసి, చెల్లింపు ఫోటో పెట్టి ఊరుకోండి. ‘మళ్లీ మా దగ్గరే కొనండి’ అని ఇప్పుడే వద్దు.

రంగు పోయిన ఆ చీర మీకు సరుకిచ్చినవాళ్లకు చూపించడానికి పనికొస్తుంది, ఉతక్కుండా దాచండి.

కేటలాగులో ‘కలర్ గ్యారంటీ’ అన్నది ఎన్నిచోట్ల ఉందో ఇవాళే వెతికి తీసేయండి. దాని బదులు, వాయిస్‌లో కాకుండా అక్షరాల్లో, ప్రతి చీర ఫోటో కిందా, పార్శిల్‌లో పెట్టే కాగితం మీదా ఇది ఉండాలి: ‘మొదటి మూడు ఉతుకులు విడిగా, చన్నీళ్లలో, చేత్తో. కుంకుడు రసం గానీ మెత్తటి సబ్బు గానీ చాలు. నానబెట్టకండి, మెషీన్‌లో వెయ్యకండి, నీడలో ఆరెయ్యండి. మొదట్లో నీళ్లు పసుపుగా వస్తాయి. ఎరుపు వస్తే ఉతకడం ఆపి నాకు ఫోటో పంపండి.’